గొంతు మారితే డీఐడీ అయిపోతుందా? సైకోసిస్, ట్రామా, నటన: తేడా ఎలా పట్టుకుంటారు

ఈ ఎపిసోడ్‌లో డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, షార్ట్‌గా డీఐడీ గురించి మాట్లాడుకుందాం. పాత పేరు మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్. ‘అపరిచితుడు’ సినిమా పుణ్యమా అని ఈ పాత పేరు మన దగ్గర చాలామందికి తెలుసు. సినిమాలో ఎలా ఉంటుంది? జుట్టు మారుతుంది, గొంతు మారుతుంది, నడక మారుతుంది, కళ్లు మూసి తెరిచేలోపు వేరే మనిషి. కానీ ఆస్పత్రిలో ఒక సైకాలజిస్ట్ ఎదురుగా కూర్చుని పరీక్ష చేసేటప్పుడు ఆ గొంతు మార్పుకి ఇచ్చే మార్కులు చాలా తక్కువ. ఎందుకంటే నటించడానికి అన్నిటికంటే తేలికైనది అదే. మరి వాళ్లు దేన్ని చూస్తారు? సైకోసిస్ నుంచి, ట్రామా నుంచి, నాటకం నుంచి డీఐడీని ఎలా విడదీస్తారు? ఈరోజు అది చూద్దాం.

ఇక్కడ తప్పు రెండు వైపులా జరుగుతుంది. నిజంగా డీఐడీ ఉన్న మనిషికి స్కిజోఫ్రీనియా అని పేరు పెడితే, ఏళ్ల తరబడి ఆ మందులే వాడుతూ ఉంటారు, అసలు సమస్య అలాగే ఉండిపోతుంది. అటు వైపు, లేని డీఐడీని ఉందని నమ్మితే ఒక హంతకుడు తప్పించుకునే పరిస్థితి కూడా రావచ్చు. ఆ రెండోది దాదాపు జరిగింది కూడా, చివర్లో చెప్తాను.

ముందు ఒక చిన్న గందరగోళం తీసేద్దాం. స్కిజోఫ్రీనియా, స్ప్లిట్ పర్సనాలిటీ ఒకటే అని చాలామంది అనుకుంటారు. తప్పు ఆ పేరులోనే ఉంది. స్విట్జర్లాండ్ డాక్టర్ యూజెన్ బ్లాయిలర్ 1908లో గ్రీకు మాటలతో ఈ పేరు పెట్టాడు, దానికి అర్థం ‘చీలిన మనసు’ అని. ఆయన ఉద్దేశం వేరు. ఆలోచన ఒక దారిన, భావం ఒక దారిన పోతున్నాయని. ఒకే మనిషిలో ఇద్దరు ముగ్గురు ఉన్నారని కాదు. పేరు అలా ఉండేసరికి జనం రెండూ కలిపేశారు.

సరే, ఇప్పుడు డిసోసియేషన్ అంటే ఏంటి? మామూలుగా మన జ్ఞాపకం, మన ఫీలింగ్, మన ఒంటి మీద స్పృహ, ‘ఇది నేనే’ అనే భావన, ఇవన్నీ కలిసి నడుస్తాయి. అవి ఒకదాన్నుంచి ఒకటి తెగిపోవడమే డిసోసియేషన్. కొంచెం అందరికీ ఉంటుంది. బస్సులో కూర్చుని ఏదో ఆలోచిస్తూ దిగాల్సిన స్టాప్ దాటిపోవడం, రీల్స్ చూస్తూ అమ్మ పిలిచింది వినపడకపోవడం. ఇది జబ్బు కాదు. జబ్బు వైపు వెళ్లే తెగడం వేరేగా ఉంటుంది.

ఉదాహరణ కోసం ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఇది కల్పించిన కేసే, ఎవరి కథా కాదు. వయసు 23. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. తలలో మాటలు వినిపిస్తున్నాయని డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ‘గొంతులు వినిపిస్తున్నాయి’ అనగానే సైకోసిస్ అని రాసి మందులు ఇచ్చారు. రెండేళ్లయింది. నిద్ర బాగా పడుతోంది, గొంతులు మాత్రం పోలేదు. ఇప్పుడు వేరే క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వచ్చింది.

ఈ సైకాలజిస్ట్ మొదట ఒక ప్రశ్నల కాగితం ఇస్తుంది. దాన్ని డీఈఎస్ అంటారు, డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ స్కేల్. 1986లో ఈవ్ బెర్న్‌స్టీన్ కార్ల్‌సన్, ఫ్రాంక్ పట్నమ్ అనే ఇద్దరు తయారుచేశారు. 28 ప్రశ్నలు. ఒక్కోటి మీకు ఎంత శాతం సార్లు జరుగుతుందో 0 నుంచి 100 మధ్య గుర్తు పెట్టాలి. అన్నీ కలిపి సగటు తీస్తారు. 30 దాటితే పూర్తి ఇంటర్వ్యూ చేయాలని అర్థం. గమనించండి, 30 దాటితే డీఐడీ ఉన్నట్టు కాదు. జ్వరం 101 ఉంటే జ్వరం ఉందని తెలుస్తుంది, మలేరియానా టైఫాయిడా తెలియదు కదా. అలాగే. పైగా ఈ కాగితం ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఎవరైనా ఎలాగైనా నింపొచ్చు.

మన అమ్మాయికి 41 వచ్చింది అనుకుందాం. సైకాలజిస్ట్ ఆ నంబర్‌ని పక్కన పెట్టి, ఎక్కువ మార్కు పడిన ప్రశ్నల్ని ఒక్కొక్కటే తీస్తుంది. ‘మీ సామాన్లలో మీరు కొన్నట్టు గుర్తులేని వస్తువులు కనిపిస్తాయని రాశారు. ఈమధ్య ఎప్పుడు జరిగింది? ఏం వస్తువు? అప్పుడు మీరేం చేశారు?’ అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. ‘అవును’ అనడం తేలిక. నిజంగా జరిగిన ఉదాహరణ చెప్పడం కష్టం.

ఆ అమ్మాయి కొంచెం ఇబ్బందిగా చెప్తుంది. బీరువాలో ఒక డ్రెస్ ఉంది, తనెప్పుడూ వేసుకోని రంగు. ఫోన్‌లో పేమెంట్ మెసేజ్ ఉంది, కొన్నట్టు గుర్తులేదు. ఫ్రెండ్ వచ్చి ‘నిన్న సాయంత్రం నువ్వు నాతో అంత గట్టిగా ఎందుకు అరిచావ్?’ అంటే, సారీ చెప్పి ఊరుకుంది. అరిచిన సంగతే గుర్తులేదు. కానీ ‘నాకు గుర్తులేదు’ అంటే పిచ్చిది అనుకుంటారని, గుర్తున్నట్టే మాట్లాడింది. చిన్నప్పటి నుంచి ఇలా కవర్ చేసుకోవడం అలవాటైపోయింది.

ఈ ఆఖరి ముక్క చాలా ముఖ్యం. డీఐడీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని చూపించుకోరు, దాచుకుంటారు. సినిమాలోలాగా ఒక వ్యక్తి పోయి ఇంకో వ్యక్తి రావడం బయటికి స్పష్టంగా కనిపించేది తక్కువమందిలో. మిగతావాళ్లలో ఇది లోపలి నుంచి వచ్చే చొరబాటులా ఉంటుంది. ఉన్నట్టుండి తనది కాని కోపం, తను అనాలనుకోని మాట, ‘నా చెయ్యే కానీ నేను కదపట్లేదు’ అన్న ఫీలింగ్. దానితోపాటు రోజువారీ జీవితంలో జ్ఞాపకాల ఖాళీలు. అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్ఎమ్-5 కూడా ఈ రెండింటినీ కలిపే అడుగుతుంది: ‘నేను’ అన్నది ఒకటి కంటే ఎక్కువగా విడిపోవడం, మామూలు మతిమరుపుతో చెప్పలేని ఖాళీలు. వీటివల్ల జీవితం దెబ్బతినాలి. మందు, గంజాయి లాంటి మత్తు పదార్థాలు గానీ, ఫిట్స్ లాంటి జబ్బు గానీ కారణం కాకూడదు. అందుకే తాగుడు గురించి, నిద్రమాత్రల గురించి అడుగుతారు. అనుమానం ఉంటే న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపి ఈఈజీ తీయిస్తారు. మెదడులో పక్క భాగంలో వచ్చే కొన్ని రకాల ఫిట్స్‌లో మనిషి కింద పడిపోడు. కాసేపు ఎటో చూస్తూ ఏదో చేసి, తర్వాత గుర్తులేదంటాడు.

ఇప్పుడు మొదటి తేడాకి వద్దాం. ఇది సైకోసిస్సా? గొంతులు వినిపించడం ఒక్కటే చూస్తే చెప్పలేం. ఒకప్పుడు కర్ట్ ష్నైడర్ అనే జర్మన్ డాక్టర్ స్కిజోఫ్రీనియాని సూచించే ప్రత్యేక లక్షణాలని ఒక లిస్ట్ ఇచ్చాడు. గొంతులు తమలో తాము వాదించుకోవడం, మనం చేసే పని మీద కామెంట్లు చేయడం, ఎవరో మన చేత పనులు చేయించడం లాంటివి. తర్వాత 1980ల్లో లెక్కపెట్టి చూస్తే, ఆ లక్షణాలు డీఐడీ వాళ్లలోనే ఇంకా ఎక్కువగా కనిపించాయి. అంటే పాత లిస్ట్ చూసి వెళ్తే డీఐడీ మనిషి స్కిజోఫ్రీనియా ఖాతాలో పడిపోతాడు.

అందుకని సైకాలజిస్ట్ గొంతు ఉందా లేదా అని ఆగిపోకుండా, దాని చుట్టూ ఉన్న సంగతులు అడుగుతుంది. ఎప్పటి నుంచి వినిపిస్తున్నాయి? మన అమ్మాయి ‘ఏడేళ్లప్పటి నుంచి’ అంటుంది. స్కిజోఫ్రీనియా మామూలుగా టీనేజ్ చివర్లోనో, ఇరవైల్లోనో మొదలవుతుంది. ఎవరి గొంతులు? ‘ఒకటి చిన్నపిల్లది, ఏడుస్తుంది. ఇంకొకటి ఎప్పుడూ తిడుతుంది.’ మీరు వాటితో మాట్లాడితే జవాబిస్తాయా? ‘ఇస్తాయి. ఒక్కోసారి బతిమాలితే ఊరుకుంటాయి.’ ఎక్కడి నుంచి వస్తున్నాయని మీ నమ్మకం? ఇదే అసలు ప్రశ్న. ‘నా లోపలి నుంచే. ఇంకెవరికీ వినపడవని తెలుసు. చెప్తే పిచ్చి అంటారని చెప్పలేదు.’

సైకోసిస్‌లో ఇదే ప్రశ్నకి జవాబు వేరే దారిలో వెళ్తుంది. పక్కింటివాళ్లు గోడలో మైక్ పెట్టారని, తన ఆలోచనలు టీవీలో చెప్తున్నారని గట్టిగా నమ్ముతారు, ఎంత చెప్పినా ఆ నమ్మకం కదలదు. మాట ఒకదానికొకటి అతకదు. ముఖంలో భావం తగ్గిపోతుంది, స్నానం, తిండి, స్నేహాలు మెల్లగా ఆగిపోతాయి. మన అమ్మాయి మాట సూటిగా ఉంది, ఆఫీసుకి వెళ్తోంది, ఇంటర్వ్యూలో కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, సిగ్గుపడుతోంది. మందులతో గొంతులు తగ్గకపోవడం కూడా ఒక క్లూ. కానీ అదొక్కటే చాలదు, స్కిజోఫ్రీనియాలో కూడా కొందరికి మందులు పనిచేయవు. ‘గొంతు తలలో వినిపిస్తే డీఐడీ, బయట వినిపిస్తే సైకోసిస్’ అనే రూల్ కూడా ఆన్‌లైన్‌లో తిరుగుతుంటుంది. నమ్మకండి, రెండింటిలోనూ రెండు రకాలుగా వినిపిస్తాయి. ఒకే మనిషికి రెండు జబ్బులూ ఉండొచ్చు కూడా. ఇంకో మాట, ఇది విని ఎవరూ మందులు వాళ్లంతట వాళ్లు ఆపేయొద్దు. ఆ నిర్ణయం డాక్టర్‌తో కూర్చుని తీసుకోవాల్సిందే.

రెండో తేడా. చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు, భయం ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది అనుకుందాం. మరి ఇది పీటీఎస్‌డీ కావచ్చు కదా? ఘోరం జరిగాక అది పదే పదే కళ్ల ముందుకి రావడం, ఉలిక్కిపడటం, లోకం అంతా పొగమంచులోంచి చూసినట్టు ఉండటం, తన ఒంటిని తనే బయట నుంచి చూస్తున్నట్టు అనిపించడం, ఇవి పీటీఎస్‌డీలో కూడా ఉంటాయి. డీఎస్ఎమ్-5 అయితే పీటీఎస్‌డీలోనే డిసోసియేటివ్ రకం అని విడిగా గుర్తించింది.

తేడా పట్టుకునే దారి జ్ఞాపకం. పీటీఎస్‌డీలో మర్చిపోయేది ఎక్కువగా ఆ ఘటనలో ఒక ముక్క. ‘ఆ రోజు యాక్సిడెంట్ అయ్యాక అంబులెన్స్‌లో ఏం జరిగిందో గుర్తులేదు.’ డీఐడీలో ఖాళీ అక్కడితో ఆగదు. మొన్న మంగళవారం సాయంత్రం పోతుంది. బాధ గానీ భయం గానీ లేని మామూలు సాయంత్రం. కూరగాయలు కొన్నది, ఫ్రెండ్‌తో మాట్లాడింది పోతుంది. ఒక్కోసారి బాగా వచ్చిన పని కూడా కాసేపు రాకుండా పోతుంది. అందుకే సైకాలజిస్ట్ ‘చిన్నప్పుడు ఏం జరిగింది?’ అని తొందరపడి తవ్వదు. ‘పోయిన వారం చెప్పండి, సోమవారం నుంచి’ అని అడుగుతుంది. చిన్నప్పుడు కష్టాలు పడటం దానికదే డీఐడీకి రుజువు కాదు. కష్టాలు పడిన చాలామందికి డీఐడీ రాదు.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక ప్రశ్న రావాలి. మరి పూనకం? బోనాల్లో, జాతర్లో అమ్మవారు వచ్చిందని ఊగుతారు, గొంతు మారుతుంది, తర్వాత గుర్తులేదంటారు. జనం ఒప్పుకున్న ఆచారంలో భాగంగా, ఆ సందర్భంలో వచ్చి, ఆ సందర్భంతో పోయేదాన్ని జబ్బు కింద లెక్కవేయకూడదని డీఎస్ఎమ్-5 స్పష్టంగా చెప్తుంది. అదే పూనకం తను వద్దనుకున్నా, ఆఫీసులోనో వంటింట్లోనో వచ్చి, మనిషి జీవితాన్ని పాడుచేస్తుంటే, అప్పుడు పరీక్ష చేయాలి. డీఐడీ కొన్ని సమాజాల్లో దేవుడో దెయ్యమో పట్టినట్టుగా బయటపడుతుందని కూడా ఆ పుస్తకం రాసింది. కాబట్టి సైకాలజిస్ట్ ఇంట్లోవాళ్లని అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మీ ఊళ్లో వేరేవాళ్లకి వచ్చే పూనకంలాగే ఉందా, తేడాగా ఉందా?’ జవాబు వాళ్లకి బాగా తెలుసు.

ఇక మూడోది, నటన. మొదట్లో చెప్తానన్న కథ ఇదే. 1979 జనవరిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెల్లింగ్‌హామ్ అనే ఊళ్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు హత్యకి గురయ్యారు. పోలీసులు కెన్నెత్ బియాంకీ అనేవాణ్ని పట్టుకున్నారు. అంతకుముందు 1977, 78ల్లో లాస్ ఏంజిలెస్‌ని వణికించిన హిల్‌సైడ్ స్ట్రాంగ్లర్ హత్యల్లోనూ ఇతనే, తన కజిన్‌తో కలిసి. కానీ బియాంకీ తనకేం గుర్తులేదన్నాడు. జాన్ వాట్కిన్స్ అనే సైకాలజిస్ట్ హిప్నాటిజం చేసి, నీలో ఇంకో భాగం ఉంటే అది నాతో మాట్లాడొచ్చు అన్న ధోరణిలో పిలిచాడు. ‘స్టీవ్’ అనేవాడు వచ్చాడు. బూతులు మాట్లాడుతూ, హత్యలు నేనే చేశాను, కెన్ మంచివాడు, వాడికేం తెలియదు అన్నాడు. వాట్కిన్స్‌తో పాటు ఇంకో సైకియాట్రిస్ట్ రాల్ఫ్ ఆలిసన్ కూడా నమ్మాడు.

అప్పుడు ప్రాసిక్యూషన్ తరఫున మార్టిన్ ఓర్న్ వచ్చాడు. హిప్నాటిజం మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాడు. ఆయన బియాంకీతో మామూలు మాటల్లో ఒక ముక్క వదిలాడు: నిజమైన కేసుల్లో ఇద్దరే ఉండటం అరుదు, మామూలుగా ఇంకా ఉంటారు అని. అది ఎర. కాసేపటికి హిప్నాటిజంలో మూడోవాడు ‘బిల్లీ’ ప్రత్యక్షం. ఇంకో పరీక్షలో, మీ లాయర్ ఇక్కడ కూర్చున్నాడు చూడు అని ఖాళీ కుర్చీ చూపించాడు. బియాంకీ లేని లాయర్‌కి షేక్‌హ్యాండ్ కూడా ఇచ్చాడు. తర్వాత అసలు లాయర్‌ని లోపలికి తెస్తే, ఇద్దరెలా ఉన్నారని తెగ ఆశ్చర్యపోయాడు. నిజంగా హిప్నాటిజంలో ఉన్నవాళ్లు ఇలాంటి పొంతన లేనిదాన్ని మామూలుగా ఒప్పేసుకుంటారని ఓర్న్ అనుభవం. అడిగినదానికంటే ఎక్కువ చేసి చూపించడమే అనుమానం తెప్పించింది.

కానీ బియాంకీని పట్టించింది ఈ ట్రిక్కులు మాత్రమే కాదు, కాగితాలు. అతని ఇంట్లో సైకాలజీ పుస్తకాలు దొరికాయి. అంతకుముందే ఉద్యోగ ప్రకటన ఇచ్చి, అప్లై చేసిన ఒకతని చదువు సర్టిఫికెట్లు సంపాదించి, వాటితో సైకాలజిస్ట్‌గా చలామణి అవ్వాలని చూశాడు. ఆ నిజమైన మనిషి పేరులో ‘స్టీవెన్ వాకర్’ ఉంది. లోపలున్న స్టీవ్ ఇంటిపేరు కూడా వాకరే! 1979 అక్టోబర్‌లో బియాంకీ నేరం ఒప్పుకున్నాడు. జీవిత ఖైదు పడింది.

ఈ కేసులో గమనించాల్సింది వాట్కిన్స్ ప్రశ్న. ఇంకొకడు ఉన్నాడా అని పిలిస్తే ఇంకొకడు వస్తాడు. అబద్ధాలకోరు దగ్గర వస్తాడు, మాటకి తేలిగ్గా లొంగే అమాయకుడి దగ్గర కూడా వస్తాడు. కాబట్టి ఓర్న్ వేసిన ఎర కూడా రోజూ క్లినిక్‌లో వాడే సాధనం కాదు. అందుకే ఇప్పుడు మార్లిన్ స్టైన్‌బర్గ్ తయారుచేసిన ఎస్‌సీఐడీ-డీ లాంటి ఇంటర్వ్యూల్లో ముందుగా ఎవర్నీ బయటికి పిలవరు. జ్ఞాపకాల ఖాళీలు, తను తను కానట్టు ఉండటం, లోకం నిజం కానట్టు ఉండటం, నేనెవరన్న అయోమయం, వేరే మనిషిలా మారడం, ఈ ఐదింటి గురించి వరసగా అడిగి, ప్రతిదానికీ ఉదాహరణ అడుగుతారు.

నటించేవాడి కథలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. మరపు సరిగ్గా నేరం జరిగిన గంటకే ఉంటుంది, చిన్నప్పటి నుంచి ఉండదు. లోపల ఒకడు దేవుడు, ఒకడు రాక్షసుడు. సిగ్గు లేదు, డీఐడీ అని పేరు పెడితే సంతోషం. పాత ఫ్రెండ్స్‌ని, టీచర్లని అడిగితే ఎవరూ అలాంటిది చూసి ఉండరు. అయితే జాగ్రత్త, అబద్ధాన్ని పట్టడానికి వాడే కొన్ని పరీక్షల్లో నిజమైన డీఐడీ వాళ్లు కూడా ‘ఎక్కువ చేసి చెప్తున్నారు’ అని ఫెయిల్ అవుతారు. ఎందుకంటే ఆ పరీక్షలు వింత లక్షణాల గురించి అడుగుతాయి, వీళ్లకి ఆ వింతలు నిజంగానే ఉంటాయి. కాబట్టి ఒక్క టెస్ట్ మార్కుతో ఎవర్నీ అబద్ధాలకోరు అనకూడదు.

వీళ్లిద్దరి మధ్యలో ఇంకో రకం ఉంటారు. అబద్ధం చెప్పరు, కానీ వీడియోలు చూసి తమ మూడ్ మార్పులకి పేర్లు పెట్టుకుని, నాకు డీఐడీ అని నిజంగా నమ్ముతారు. వీళ్లని అడిగితే పదాలన్నీ కరెక్ట్‌గా చెప్తారు, లోపలివాళ్ల పేర్లు, ఇష్టాలు వరసగా చెప్తారు. మర్చిపోయిన సాయంత్రం ఒక్కటి చెప్పమంటే మాత్రం ఆగిపోతారు. లేదా ‘అప్పుడు నేను కాదు, తను మాట్లాడింది’ అని ఆ సాయంత్రం మొత్తం వివరంగా చెప్పేస్తారు. గుర్తున్నదాన్ని ఖాళీ అనలేం కదా. వాళ్ల బాధ నిజమే. దాని పేరు వేరే అయి ఉండొచ్చు, డిప్రెషనో, ఎమోషన్స్ కంట్రోల్ కాకపోవడమో, ఒంటరితనమో. సరైన పేరు దొరికితేనే సరైన ట్రీట్‌మెంట్ దొరుకుతుంది.

మన ఊహా కేసులో అమ్మాయికి ఏం తేలింది? ఒక్క సిట్టింగ్‌లో ఏమీ తేలలేదు, తేల్చకూడదు కూడా. నాలుగైదు సిట్టింగ్స్ అయ్యాయి. ఆమె ఒప్పుకున్నాక హాస్టల్ ఫ్రెండ్‌తో, అక్కతో మాట్లాడారు. పదేళ్ల వయసులో కూడా ‘చేసి చేయలేదనేది, అబద్ధాలాడుతోందని కొట్టేవాళ్లం’ అని అక్క చెప్పింది. ఎవరూ అడగకుండా దొరికిన ఈ పాత సాక్ష్యం ఏ గొంతు మార్పుకంటే బరువైంది. ఈఈజీ మామూలుగానే ఉంది. అప్పుడు డీఐడీ అని రాశారు. గొంతుల్ని మందుతో అణచడం అనే లక్ష్యం మారి, ఆమెని ముందు సురక్షితంగా, స్థిరంగా ఉంచే దీర్ఘకాలపు థెరపీ మొదలైంది.

మీకో, మీ ఫ్రెండ్‌కో ఇలాంటి ఖాళీలు నిజంగా వస్తుంటే, ఆన్‌లైన్ క్విజ్ చేయకండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, ఏం పోయింది, ఎలా తెలిసింది, అప్పుడు మందు తాగి ఉన్నారా, నిద్ర ఉందా, ఇంతే రాయండి. కొన్ని వారాల నోట్స్ పట్టుకుని సైకియాట్రిస్ట్ దగ్గరికో, క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. డీఐడీ ఉన్నవాళ్లలో ఆత్మహత్యాప్రయత్నాలు చాలా ఎక్కువ. కాబట్టి చచ్చిపోవాలన్న ఆలోచన గానీ, ‘చచ్చిపో’ అనే గొంతు గానీ ఉంటే నోట్‌బుక్ నిండే దాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేయండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి.